తొలిసారి రక్తమిచ్చేవాళ్లను కదిలించే స్లోగన్లు: ఎలా రాయాలి, ఎక్కడ పెట్టాలి

రక్తదాన శిబిరం తేదీ ఖాయం కాగానే నిర్వాహకులు మొదట అడిగేది ఒకటే: "ఓ పది మంచి స్లోగన్లు ఉంటే పంపండి." పంపితే అవి ఫ్లెక్సీ మీదకెక్కుతాయి, ఫొటోల్లో పడతాయి. క్యాంపుకు మాత్రం ఏటా వచ్చే మొహాలే మళ్లీ వస్తాయి.

"రక్తదానం మహాదానం" అన్న మాటతో ఎవరికీ పేచీ లేదు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రక్తం ఇవ్వని కుర్రాడు కూడా అవునంటాడు. అతన్ని ఆపుతున్నది వేరే. సూది అంటే భయం, నీరసం వస్తుందేమోనన్న అనుమానం, ఒక్కడే వెళ్లాలంటే మొహమాటం. పొగడ్త వీటిలో దేన్నీ తీసేయదు. కాబట్టి కొత్తవాళ్ల కోసం రాసే స్లోగన్ ఒక్క జంకుకు జవాబు చెప్పాలి. అదీ ఆ జంకు పుట్టే చోటే కనిపించాలి.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఒకే ఉదాహరణతో వెళ్దాం. తెనాలి వైపు ఒక డిగ్రీ కాలేజీ, అందులో ఎన్ఎస్ఎస్ యూనిట్ అనుకోండి. అక్టోబర్ 1న, అంటే జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 దాకా క్యాంపు. సగం మంది హాస్టల్ పిల్లలు, సగం మంది బస్సుల్లో వచ్చేవాళ్లు.

## 1. కలం పట్టే ముందు బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయండి

స్లోగన్‌లో చెప్పిన మాట క్యాంపులో తప్పని తేలితే కొత్తవాళ్లు మళ్లీ మీ మాట నమ్మరు. అందుకే ముందు క్యాంపుకు వచ్చే బ్లడ్ బ్యాంకు వాళ్లతో మాట్లాడి వివరాలు రాసి పెట్టుకోండి. మన దేశంలో మామూలుగా పాటించే నిబంధనలు ఇవి:

- వయసు 18 నిండాలి. మొదటిసారి ఇచ్చేవాళ్లకు పై వయసు 60.
- బరువు కనీసం 45 కిలోలు. ఆ బరువుకు 350 మి.లీ. తీసుకుంటారు. 55 కిలోలు దాటితే 450 మి.లీ. తీసుకోవచ్చు.
- హిమోగ్లోబిన్ డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే లెక్క.
- ఒంటి మీద టాటూ వేయించుకుని ఏడాది దాటి ఉండాలి.
- కడుపు ఖాళీగా ఉండకూడదు. నాలుగు గంటల లోపు ఏదో ఒకటి తిని ఉండాలి.

వీటితో పాటు మూడు విషయాలు అడగండి. ఎన్ని మంచాలు తెస్తున్నారు? ఏ సైజు బ్యాగులు వాడతారు? రక్తాన్ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీసే సౌకర్యం వాళ్ల దగ్గర ఉందా? చివరి ప్రశ్న స్లోగన్‌కు ఎందుకని అనిపించవచ్చు. ఐదో భాగంలో దాని అవసరం వస్తుంది.

మన కాలేజీలో తొలి చిక్కు వయసు దగ్గరే. డిగ్రీ మొదటి ఏడాది పిల్లల్లో చాలామందికి ఇంకా 17. "విద్యార్థులారా, అందరూ తరలిరండి" అని రాస్తే వాళ్లు కూడా లైన్లో నిలబడి, చివరికి వెనక్కి తిరగాలి. రెండో, మూడో ఏడాది వాళ్లే అసలు గురి. "పద్దెనిమిది నిండాయా? ఇది నీ వంతు" అంటే ఎవరిని పిలుస్తున్నామో మొదటి మాటలోనే తేలిపోతుంది.

## 2. ఎప్పుడూ రానివాళ్లను అడగండి

స్లోగన్లు సాధారణంగా రాసేది ఎవరు? ఇప్పటికే నాలుగైదుసార్లు రక్తం ఇచ్చిన ఉత్సాహవంతులు. వాళ్లకు సూది భయం ఎప్పుడో పోయింది. అందుకే వాళ్ల కలం నుంచి "ప్రాణదాత", "త్యాగం", "మానవత్వం" లాంటి మాటలే వస్తాయి.

క్యాంపుకు పది రోజుల ముందు క్యాంటీన్‌లోనో బస్టాప్‌లోనో ఓ పదిహేను మందితో మాట్లాడండి. "నువ్వెందుకు ఇవ్వవు?" అని అడగొద్దు. అలా అడిగితే ఎదుటి మనిషి సమర్థించుకోవడం మొదలుపెడతాడు. "మీ క్లాసులో వాళ్లు ఎందుకు రారంటావ్?" అని అడగండి. పక్కవాళ్ల పేరు మీద తన భయమే చెప్తాడు. చెప్పిన మాటను సాహిత్యం చేయకుండా, ఉన్నదున్నట్టు రాసుకోండి.

మామూలుగా వినిపించే మాటలు ఇవే:

- "ఆ సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయ్."
- "నాకే రక్తం లేదు, నేనేం ఇస్తా?"
- "ల్యాబ్ ఉంది, ఎంత సేపు పడుతుందో ఏమో."
- "ఆ సూదుల వల్ల ఏమైనా అంటుకుంటే?"
- "ఎవరైనా వస్తే వస్తా."
- "మా అమ్మకు తెలిస్తే చంపేస్తది."

చివరి మాటకు స్లోగన్ రాయకండి. అమ్మను ఒప్పించడం ఫ్లెక్సీ పని కాదు. దానికి ఎన్ఎస్ఎస్ సారు ఇంటికి పంపే చిన్న ఉత్తరం కావాలి. మిగతా ఐదూ మన సరుకు.

## 3. ఒక భయానికి ఒకే లైను

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ఒకే వాక్యంలో నొప్పి లేదు, నీరసం రాదు, టైమ్ పట్టదు, పుణ్యం వస్తుంది అని అన్నీ కుక్కేస్తారు. అన్నీ చెబితే ఏదీ గుర్తుండదు. ఒక్కోదాన్ని విడిగా తీసుకుందాం.

సూది భయం. అలవాటుగా అందరూ రాసేది "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే!" అది నిజం కాదు. రక్తం తీసేందుకు సాధారణంగా వాడేది 16 గేజ్ సూది. మామూలు ఇంజెక్షన్ సూది కంటే బాగా లావు. చీమ అని నమ్మి వచ్చిన పిల్లవాడు ఆ సూదిని చూడగానే మోసపోయాననుకుంటాడు. నొప్పి ఉందని ఒప్పుకుని, అది ఎంతసేపో చెప్పండి:

> చురుక్కుమంటుంది. చటుక్కున తగ్గుతుంది.

రెండు ముక్కలూ "చ"తో మొదలై ఒకే తూగులో సాగుతాయి కాబట్టి నోటికి పడుతుంది. పైగా నిజం. గుచ్చిన క్షణంలో ఉన్న చురుకు రక్తం తీస్తున్నంతసేపూ ఉండదు.

"నాకే రక్తం లేదు." ఈ మాటకు అంకెతో జవాబు చెప్పాలి, కానీ "350 మి.లీ." అంటే ఎవరికీ ఏమీ కనపడదు. చేతిలో ఉండే వస్తువుతో చెప్పండి:

> అర లీటరు వాటర్ బాటిల్ కూడా నిండదు!

350 తీసినా 450 తీసినా ఇది నిజమే. కింద చిన్న అక్షరాల్లో "50 కిలోల మనిషి ఒంట్లో రక్తం సుమారు మూడున్నర లీటర్లు" అని వేస్తే మిగతా లెక్క చదివేవాడే వేసుకుంటాడు. "నీరసం అసలే రాదు" అని మాత్రం రాయొద్దు. కొందరికి కాసేపు తల తేలిగ్గా అనిపిస్తుంది. అలాంటివాడు ఒక్కడు బయటికొచ్చి చెప్పినా మీ లైను చచ్చిపోతుంది.

టైమ్. మంచం మీద ఉండేది ఐదు నుంచి పది నిమిషాలు. ఫారం నింపడం, పరీక్ష, తర్వాత విశ్రాంతి అన్నీ కలిపితే ముప్పావు గంట అనుకోవచ్చు, అదీ క్యూ లేకపోతే. అందుకే "పది నిమిషాల్లో పని పూర్తి" అని రాయకూడదు. "మంచం మీద పది నిమిషాలే" అని రాయండి. ఇది నిలబడే మాట.

అంటువ్యాధి భయం. దీనికి భరోసా మాటలు పనిచేయవు, కంటికి కనిపించేదే చెప్పాలి:

> సూది కొత్తది. నీ ముందే విప్పుతారు.

సూది, ట్యూబు, బ్యాగు అన్నీ కలిపి ఒకే సీల్ ప్యాక్‌లో వస్తాయి. ఒక్కరికి వాడి పారేస్తారు. దాత ముందే ప్యాక్ విప్పి చూపించమని స్టాఫ్‌కు ముందుగా చెప్పి, వాళ్లు సరేనన్నాకే ఈ లైను వాడండి.

ఒంటరి మొహమాటం. మన ఐదింటిలో ఎక్కువ మందిని ఆపేది ఇదేనని నా అంచనా. పైకి సూది అంటారు కానీ, పక్కన స్నేహితుడుంటే ఆ సూది సంగతే మర్చిపోతారు. అందుకే నాకు బాగా నచ్చిన లైను ఇది:

> ఇద్దరూ రండి. ఒకరు ఇవ్వండి, ఒకరు చెయ్యి పట్టుకోండి.

తోడు వచ్చినవాళ్లు ఇవ్వాల్సిన పని లేదని ఇందులోనే ఉంది. అలా ఊరికే వచ్చినవాళ్లలో కొందరు పక్క మంచం ఖాళీగా చూసి తామూ చొక్కా చెయ్యి మడుస్తారు.

## 4. కోస్తూ రాయండి

మొదటిసారి రాసినది స్లోగన్ కాదు, సమాచారం. దాన్ని ఎలా కోయాలో ఒక లైను మీద చూద్దాం. చెప్పాల్సిన విషయం: ఖాళీ కడుపుతో రావద్దు. కొత్తవాళ్లు కళ్లు తిరిగి పడిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

మొదటి రూపం: "ఖాళీ కడుపుతో రక్తదానం చేయరాదు. అల్పాహారం స్వీకరించిన పిమ్మటే శిబిరానికి విచ్చేయగలరు." ఇది నోటీసు బోర్డు భాష. "చేయరాదు" అనే మాటతోనే మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

రెండో రూపం: "టిఫిన్ తినే రండి, రక్తం ఇవ్వండి." బాగానే ఉంది, కానీ రెండు పనులు చెబుతోంది. ఎవరూ మళ్లీ పైకి అనుకోరు.

మూడో రూపం:

> తిన్నావా? అయితే రా!

మన ఊళ్లో ఎవరు ఎదురుపడినా మొదట అడిగేది "తిన్నావా" అనే. కాబట్టి చదివేవాడు మనసులో "ఆఁ, తిన్నా" అనేస్తాడు. జవాబు వచ్చిందంటే సగం దారికి వచ్చినట్టే. పైగా ఇందులో వైద్యపరంగా కావాల్సిన జాగ్రత్త కూడా ఉంది. పిలుపూ, హెచ్చరికా ఒకే చోట.

కోసేటప్పుడు పట్టుకోవాల్సినవి కొన్నే:

- క్రియ చివరికి రావాలి, అదీ చేసే పని అయి ఉండాలి: రా, రండి, తిను, తాగు. "కావాలి", "అవసరం" లాంటివి చివర పడితే పిలుపు చప్పబడుతుంది.
- ఆరేడు మాటలు దాటితే రెండు ముక్కలు చేయండి. ఒక ముక్క ప్రశ్న, ఇంకోటి పిలుపు అయితే బాగా అతుకుతుంది.
- "యొక్క", "మరియు", "చేయుము", "గావించు" కనిపిస్తే కొట్టేయండి.
- ప్రాస కోసం నిజాన్ని వంచొద్దు. ప్రాస దొరక్కపోతే తూగు చాలు.
- "నువ్వు" అని మొదలెడితే చివరిదాకా నువ్వే. విద్యార్థులు అంటించే పోస్టర్‌లో "రా" సరిపోతుంది. కాలేజీ పేరు మీద గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీకి, లెక్చరర్లూ తల్లిదండ్రులూ చదువుతారు కాబట్టి "తిన్నారా? అయితే రండి!" అనాలి.

రాసిన లైనును ఇప్పటిదాకా రక్తం ఇవ్వని ఒకరికి మూడు సెకన్లు చూపించి, కాగితం తిప్పేయండి. "ఏం రాసుంది?" అని అడగండి. ఉన్న మాటలే తిరిగి చెబితే పాసు. "ఏదో రక్తదానం గురించి" అంటే మళ్లీ కోయాలి.

## 5. అబద్ధం, అవమానం, ఆశ: మూడూ తీసేయండి

"మీ ఒక్క యూనిట్ ముగ్గురి ప్రాణాలు కాపాడుతుంది." ప్రతి క్యాంపులోనూ కనిపించే లైను. రక్తాన్ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తే ముగ్గురు రోగులకు వాడే వీలుంటుంది. మీకు వచ్చే బ్లడ్ బ్యాంకులో విడదీసే సౌకర్యం లేకపోతే ఆ మాట చెల్లదు. ఉన్నా "ముగ్గురి దాకా సాయపడొచ్చు" అనడమే సరైనది. మొదటి భాగంలో ఆ ప్రశ్న అడగమన్నది ఇందుకే.

"రక్తమిస్తే గుండెపోటు రాదు, బరువు తగ్గుతారు." వద్దు. రక్తం ఇవ్వడం ఎవరికీ వైద్యం కాదు.

"ఉచితంగా హెచ్ఐవీ పరీక్ష." ఇది చూడ్డానికి ఆకర్షణగా ఉంటుంది కానీ ప్రమాదం. తీసిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు, నిజమే. కానీ వైరస్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. తనకేమైనా సోకిందేమోనన్న అనుమానంతో పరీక్ష కోసమే వచ్చేవాళ్లను మీ స్లోగన్ పిలవకూడదు. ఆ రక్తం ఎక్కేది మరో రోగికి.

"భయపడేవాడు మగాడా?" ఇలాంటివి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. సిగ్గుపడి వచ్చినవాడు డాక్టర్ అడిగే ప్రశ్నలకు నిజం చెప్పడు. నిన్న రాత్రి తాగానని, పోయిన నెల టాటూ వేయించుకున్నానని దాస్తాడు. వెనక్కి తిరగడానికి సందు లేని స్లోగన్ రక్తం భద్రతనే దెబ్బతీస్తుంది.

డబ్బు, బహుమతి. రక్తానికి డబ్బిచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి దేశంలో ఆపేశారు. "ఇస్తే ఇది మీది" అన్న పోకడ ఏ రూపంలోనూ రానివ్వకండి. బిస్కెట్, జ్యూస్ బహుమతులు కావు, జాగ్రత్తలు. వాటిని అలాగే చెప్పాలి.

మరి అవసరాన్ని ఎలా చెప్పాలి? నేరం మోపకుండా, తెలిసిన అనుభవాన్ని గుర్తు చేస్తే చాలు. "అర్జెంట్, బీ నెగెటివ్ కావాలి" అని వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌ను ఎందరు ముందుకు తోసి ఉంటారు!

> ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేశావ్? ఈసారి నువ్వే రా.

ఇందులో చిన్న పోటు ఉంది, కానీ స్నేహితుడు వేసే పోటు. ఇది వాట్సాప్ స్టేటస్‌కే బాగుంటుంది, గోడ మీద ఎక్కదు. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ సంగతి చెప్పాలనుకుంటే "ఆ పాపకు ఈ నెలా రక్తం కావాలి. వచ్చే నెలా కావాలి." అన్నంత మామూలుగా చెప్పండి. ఏడుస్తున్న పిల్లల ఫొటో వేయొద్దు.

## 6. ఏ లైను ఎక్కడ

ఫ్లెక్సీ ఒక్కటే చేయించి గేటుకు కట్టేసి ఊరుకుంటే ఇంతవరకు పడ్డ శ్రమ వృథా. మన కాలేజీలో ఒక్కో లైను ఎక్కడికి వెళ్తుందో చూద్దాం.

ముందు రోజు రాత్రి, హాస్టల్ మెస్‌లో చేతులు కడుక్కునే చోట:

> రేపు రెండు ఇడ్లీ ఎక్కువ తిను. పదింటికి పనుంది!

హాస్టల్ పిల్లలు టిఫిన్ మానేసి నేరుగా క్లాసుకు పరుగెత్తే రకం. క్యాంపులో పడిపోయేవాళ్లలో వాళ్లు ఉంటారు. ఇంకో కాగితం మీద "ఈ రాత్రి రీల్స్ బంద్. రేపు రక్తం." అని పెట్టొచ్చు. నిద్ర లేకపోయినా కళ్లు తిరుగుతాయి.

గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ: "తిన్నారా? అయితే రండి!" కింద తేదీ, గది, సమయం. ఇంకేమీ వద్దు.

క్యాంటీన్ బల్లల మీద మడిచి నిలబెట్టే కార్డులు: "ఇద్దరూ రండి..." లైను. అక్కడ జట్లు జట్లుగానే కూర్చుంటారు కాబట్టి అది అక్కడే పండుతుంది.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర, నీళ్ల క్యాన్ పక్కనే:

> ముందు నీళ్లు. తర్వాత రక్తం.

రక్తం ఇచ్చే ముందు దాదాపు అర లీటరు నీళ్లు తాగితే కళ్లు తిరగడం తగ్గుతుంది. ఈ నాలుగు మాటలకు అన్నిటికంటే తక్కువ ఖర్చు, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగం. గ్లాసులు మాత్రం ఉండాలి సుమా.

ఎదురుచూసే కుర్చీల ముందు "చురుక్కుమంటుంది" లైను, "నీ ముందే విప్పుతారు" లైను. భయం పెరిగేది ఆ కుర్చీలోనే. మంచం కనిపించే గోడ మీద సూది బొమ్మ, కారుతున్న రక్తం బొమ్మ ఉంటే తీసేయండి.

హిమోగ్లోబిన్ చూసే బల్ల దాటాక బయటికి వెళ్లే దారిలో:

> ఈ రోజు కుదరలేదా? వచ్చే క్యాంపు నీది.

దీన్ని మర్చిపోయే క్యాంపులే ఎక్కువ. 12.5 లేక వెనక్కి వెళ్లే అమ్మాయిలు చాలామంది ఉంటారు. ధైర్యం చేసి వచ్చి, స్నేహితురాళ్ల ముందు "నీకు రక్తం లేదు" అనిపించుకుని వెళ్లినవాళ్లు మళ్లీ రారు. ఆ లైను పక్కనే ఒక వాలంటీర్ నిలబడి, ఐరన్ విషయంలో డాక్టర్‌ను కలవమని మెల్లగా చెప్పాలి.

చివరగా బిస్కెట్ల బల్ల మీద: "ఇంకో పది నిమిషాలు కూర్చో. కబుర్లు చెప్పు." చాలామంది లేచిన వెంటనే బైకు తీస్తారు. పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టడమే ఈ లైను పని.

## 7. ర్యాలీకి వేరే రాయండి

గోడ మీద బాగున్నది గొంతులో బాగుండకపోవచ్చు. "18" అన్నది కాగితం మీద రెండు అంకెలే, నోటితో అంటే "పద్దెనిమిది", ఐదు అక్షరాలు. ర్యాలీలో ఒకరు అడగాలి, అందరూ జవాబు చెప్పాలి. జవాబు మూడు, నాలుగు అక్షరాలు దాటకూడదు.

> తిన్నావా? — తిన్నాం!
> తాగావా నీళ్లు? — తాగాం!
> పద్దెనిమిది? — నిండాయ్!
> మరింకేంటి? — పదండి!

చప్పట్లు కొడుతూ అని చూడండి. ఎక్కడైనా చప్పట్ల మధ్య మాట మిగిలిపోతే ఆ మాటే తీసేయాలి. మొదటి జవాబుకే అందరూ నవ్వుతారు, దాన్ని ఆపొద్దు.

## 8. ఫ్లెక్సీ షాపులో

కంప్యూటర్‌లో బాగున్న లైను ప్రింట్‌లో పాడయ్యేది ఇక్కడే. మీరు ఫోన్లో టైప్ చేసేది యూనికోడ్. చాలా డీటీపీ షాపుల్లో ఇంకా యూనికోడ్ కాని "అను" ఫాంట్లు వాడతారు. ఒకదాన్ని ఇంకోదాంట్లోకి కాపీ చేస్తే ఒత్తులు విడిపోతాయి, కొన్నిసార్లు అర్థం లేని గుర్తులు వస్తాయి. షాపువాళ్లు దాన్ని మళ్లీ టైప్ చేస్తారు, అప్పుడు కొత్త తప్పులు చేరతాయి.

- లైనును స్క్రీన్‌షాట్‌గా కూడా పంపండి, సరిచూసుకోవడానికి వాళ్లకు ఒక నమూనా ఉంటుంది.
- ప్రింట్‌కు ముందు ప్రూఫ్ ఫొటో అడిగి, అక్షరం అక్షరం చదవండి. "రక్తదానం"లో "దా"కు బదులు "ధా", "శిబిరం"లో "బి"కి బదులు "భి" పడడం మామూలు.
- 30 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు కనీసం 3 అంగుళాలు ఉండాలి. తెలుగులో ఒత్తులకు కింద చోటు అదనంగా వదలాలి.
- ఎర్ర రంగు మీద నల్ల అక్షరాలు వద్దు. తెలుపు మీద ముదురు ఎరుపు చాలు.
- అతిథుల ఫొటోలు తప్పవంటే కింద ఒక వరుసలో సర్దండి. స్లోగన్ చోటు వాళ్లకివ్వొద్దు.

## 9. క్యాంపు రోజు మార్చుకోవాల్సినవి

పోస్టర్లు అంటించేశాక పని అయిపోయిందనుకోకండి. నాలుగు ఖాళీ చార్టులు, ఒక మార్కర్ దగ్గర పెట్టుకోండి.

పదకొండు దాటినా కుర్చీలు ఖాళీ. పిలుపు చేరలేదని కాదు, ఇచ్చినవాడి మాట ఇంకా ఎవరూ వినలేదని అర్థం. కొత్త స్లోగన్ రాయకండి. అప్పుడే ఇచ్చి బిస్కెట్ తింటున్న ఇద్దర్ని వాళ్ల క్లాసుకే పంపించి, "చురుక్కుమంది, తగ్గిపోయింది" అని చెప్పమనండి. అదే లైను, ఈసారి మనిషి నోట.

క్యూ గంట దాటింది. "మంచం మీద పది నిమిషాలే" కార్డు వెంటనే తీసేయండి. దాని చోట "ఇప్పుడు వెయిటింగ్ గంట. పేరు రాసి వెళ్లు, ఫోన్ చేస్తాం." అని చేత్తో రాసి పెట్టండి. ల్యాబ్ ఉన్నవాడు తిట్టుకోకుండా వెళ్లి మళ్లీ వస్తాడు.

ఒకరు కళ్లు తిరిగి పడ్డారు. చూస్తున్న పదిమంది లేచి వెళ్లిపోతారు. డాక్టర్ చూసుకుంటుండగా ఎదురుచూసే వాళ్లను ఒక్కొక్కరినే అడగండి: ఉదయం ఏం తిన్నావ్, నీళ్లు తాగావా, రాత్రి ఎప్పుడు పడుకున్నావ్? తినని వాళ్లను క్యాంటీన్‌కు పంపండి. "ముందు నీళ్లు" చార్టు ఎక్కడో మూల ఉంటే తలుపు దగ్గరికి మార్చండి.

వెనక్కి వెళ్తున్నవాళ్లు ఎక్కువయ్యారు. కారణం హిమోగ్లోబిన్ అయితే పిలుపులో తప్పేమీ లేదు. వయసో, బరువో అయితే గేటు ఫ్లెక్సీ కింద మార్కర్‌తో "18 ఏళ్లు, 45 కిలోలు" అని పెద్దగా చేర్చండి. వెళ్లిపోయేవాళ్ల పేరు, వాళ్లకిష్టమైతే ఫోన్ నంబర్, విడిగా ఒక పుస్తకంలో రాసుకోండి. తర్వాతి క్యాంపుకు మొదటి మెసేజ్ వాళ్లకే వెళ్లాలి.